వేల ఫారం ఫోటోల్లో ఒకే తీరు తప్పును మొదట్లోనే పట్టుకోవడం: నమూనా తనిఖీ చేసే పద్ధతి

చేతితో నింపిన ఫారాలను ఫోటోలు తీసి, వాటిలోని విలువలను ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో చదివించి పట్టికలోకి ఎక్కించేటప్పుడు రెండు రకాల తప్పులు దొర్లుతాయి. మొదటిది చెదురుమదురు తప్పు. ఎక్కడో ఒక ఫారంలో సిరా అలుక్కుపోవడం వల్ల 5 కాస్తా 6గా పడుతుంది, మరో ఫారంలో వేలి నీడ పడి ఒక అంకె ఎగిరిపోతుంది. ఇటువంటివి అటూ ఇటూ చెదిరి ఉంటాయి కనుక సగటులను పెద్దగా కదిలించవు. రెండవది ఒకే తీరు తప్పు. ఒకే కారణం వల్ల, ఒకే గడిలో, ఒకే దిశలో, వందలాది ఫారాల్లో అది మళ్లీ మళ్లీ పడుతుంది. పట్టికను చూస్తే ప్రతి విలువా సహజంగానే కనిపిస్తుంది, కాని మొత్తం లెక్క ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఈ వ్యాసం రెండవ రకం తప్పును పట్టుకోవడం గురించే. దానికి కారణం ఒక్కటే ఉంటుంది కనుక, ఆ కారణం దొరికితే వందల తప్పులు ఒకేసారి సరిచేయవచ్చు. దొరకకపోతే ఫారాలను ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

పద్ధతిని ఒక ఉదాహరణ వెంట నడుస్తూ చూద్దాం. ఇళ్లలో నీటి వాడకం గురించి ఒక పేజీ సర్వే ఫారం ఉందనుకోండి. అందులో తేదీ, ఇంట్లో మనుషుల సంఖ్య, పిల్లల సంఖ్య, నీటి మీటరు రీడింగు వంటి 8 అంశాలున్నాయి. మీటరు రీడింగు రాయడానికి పక్కపక్కనే 5 గడులు ఉంటాయి, అంకెలను కుడి పక్కకు సర్ది రాయాలి. మొత్తం 4,800 ఫోటోలు వచ్చాయి. 2,800 ఇళ్లకు పాత ముద్రణ ఫారం వాడారు, మిగిలిన 2,000 ఇళ్లకు కొత్త ముద్రణ వాడారు. ఫోటోలు నాలుగు ఫోన్లతో తీశారు.

మొదటి మెట్టు: ఏమేమి మారుతున్నాయో రాసిపెట్టుకోవడం

నమూనా ఎంచుకోవడానికి ముందే, ఈ బ్యాచ్‌లో ఒక ఫోటోకూ మరొక ఫోటోకూ తేడా తెచ్చే విషయాలేమిటో కాగితం మీద పెట్టాలి. ఫారం ముద్రణ, ఫోటో తీసిన ఫోన్, ఫారం నింపిన మనిషి, ఫోటో తీసిన రోజు అనే నాలుగూ సాధారణంగా సరిపోతాయి. ఒకే తీరు తప్పు చాలావరకు వీటిలో దేనికో ఒకదానికి, లేదా రెండింటి కలయికకు అంటిపెట్టుకునే ఉంటుంది. ఏ ఫోటో ఏ ఫోన్‌తో తీశారన్నది ఫోటో ఫైలులోనే నమోదై ఉంటుంది గాని, మెసేజింగ్ యాప్ ద్వారా పంపిన ఫోటోల్లో ఆ సమాచారం తరచుగా చెరిగిపోతుంది. అందువల్ల ఫోటోలు అందుకునేటప్పుడే ఏ ఫోన్ నుంచి వచ్చిన వాటిని ఆ ఫోన్ పేరు గల ఫోల్డరులో వేసుకోవడం మంచిది. తరువాత గుర్తుచేసుకుందామంటే కుదరదు.

మన ఉదాహరణలో ముద్రణను, ఫోన్‌ను కలిపి చూస్తే ఆరు గుంపులు ఏర్పడ్డాయి.

- పాత ముద్రణ: ఒకటో ఫోన్ 1,300, రెండో ఫోన్ 800, మూడో ఫోన్ 700
- కొత్త ముద్రణ: రెండో ఫోన్ 900, మూడో ఫోన్ 800, నాలుగో ఫోన్ 300

రెండవ మెట్టు: గుంపు గుంపుకూ విడిగా నమూనా తీయడం

చాలామంది ఇక్కడ చేసే పని మొదటి 50 ఫోటోలను తెరిచి చూడడం. అవన్నీ ఒకే ఫోన్‌వి, ఒకే రోజువి, ఒకే మనిషి నింపినవి అయి ఉంటాయి కనుక వాటిని చూసి మిగతా బ్యాచ్ గురించి ఏమీ చెప్పలేం. అంతకంటే జాగ్రత్త గలవారు మొత్తం 4,800లో నుంచి లాటరీ పద్ధతిలో 60 తీస్తారు. ఇది మెరుగే, కాని సరిపోదు. ఎందుకంటే, నాలుగో ఫోన్‌తో తీసిన 300 ఫోటోల్లో 120 తప్పుగా చదవబడ్డాయనుకుందాం. మొత్తం బ్యాచ్‌లో అది 100కు రెండున్నర. అలాంటప్పుడు 60 ఫోటోల నమూనాలో ఆ తప్పు ఒక్కటి కూడా కనబడని అవకాశం 100కు 22 ఉంటుంది, ఒక్కటే కనబడే అవకాశం 100కు 34 దాకా ఉంటుంది. ఒక్కటి కనబడినా దాన్ని చెదురుమదురు తప్పుల్లో కలిపేసి ముందుకు వెళ్లిపోతాం. అంటే సగానికి పైగా సందర్భాల్లో ఈ తప్పు మన చేతుల మీదుగానే జారిపోతుంది.

అందుకే ప్రతి గుంపు నుంచి, దాని పరిమాణం ఎంతైనా, 15 ఫోటోలు తీయాలి. ఒక గుంపులో ప్రతి ఐదు ఫోటోల్లో ఒకటి తప్పుగా ఉన్నా, 15 చూస్తే కనీసం ఒకటి దొరికే అవకాశం 100కు 96 పైనే ఉంటుంది. ఒకే తీరు తప్పులు తాము పట్టిన గుంపులో సాధారణంగా అంతకన్నా ఎక్కువ మేరకే ఉంటాయి కనుక ఈ సంఖ్య చాలు. ఆరు గుంపులకు కలిపి 90 ఫోటోలు అవుతాయి. సాఫ్ట్‌వేర్ చదివిన విలువల పట్టిక `batch.csv` అనే ఫైలులో ఉంటే, పైథాన్ వాడేవారికి ఈ నాలుగు వరుసలు సరిపోతాయి.

```python
import pandas as pd
df = pd.read_csv("batch.csv", dtype=str, keep_default_na=False)
s = df.sample(frac=1, random_state=417).groupby(["form_ver", "phone"]).head(15)
s[["photo", "form_ver", "phone"]].to_csv("check.csv", index=False)
```

ఇందులో `dtype=str` అన్న భాగాన్ని వదిలేయకూడదు. అది లేకపోతే 00342 అన్నది 342గా మారిపోతుంది, ఆ తేడా సాఫ్ట్‌వేర్ చదవడంలో వచ్చిందో, ఫైలు తెరవడంలో వచ్చిందో తరువాత తేల్చుకోలేం. `random_state` పక్కన ఉన్న సంఖ్య ఏదైనా పరవాలేదు. దాన్ని రాసిపెట్టుకుంటే అదే ఫైలు నుంచి అదే నమూనాను మళ్లీ తీయవచ్చు.

మూడవ మెట్టు: సాఫ్ట్‌వేర్ చదివినది చూడకుండా టైపు చేయడం

పై కోడులో చివరి వరుస ఫోటో పేరును, గుంపును మాత్రమే రాస్తుంది, సాఫ్ట్‌వేర్ చదివిన విలువలను రాయదు. ఇది కావాలని చేసినదే. ఫోటోనూ, చదివిన విలువనూ పక్కపక్కన పెట్టి "సరిపోయిందా?" అని అడిగితే, రోజంతా అదే పనిలో ఉన్న కన్ను ముందుగా విలువను చదివి, ఆ తరువాత ఫోటోలో దానినే వెతుక్కుంటుంది. అస్పష్టంగా ఉన్న అంకె 7 అని తెరమీద ఉంటే 7 లాగానే కనిపిస్తుంది. కాబట్టి తనిఖీ చేసేవారు ఫోటోను మాత్రమే చూసి ఎనిమిది అంశాలనూ తామే టైపు చేయాలి. 90 ఫారాలకు, ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున, మూడు గంటలు పడుతుంది. ఆ సమయాన్ని ఇక్కడ ఆదా చేయడం నా దృష్టిలో సరైన పొదుపు కాదు.

టైపు చేయడం మొదలుపెట్టకముందే మరో చిన్న పని ఉంది. ఫారంలో కనబడే గుర్తులను ఎలా టైపు చేయాలో ఒక పేజీలో నియమాలు రాసుకోవాలి. పిల్లల సంఖ్య దగ్గర ఒక అడ్డగీత మాత్రమే ఉంటే అది సున్నానా, లేక జవాబు ఇవ్వలేదనా? కొట్టివేసి పైన రాసిన అంకె ఉంటే ఏది తీసుకోవాలి? ఇవి ముందే తేల్చుకోకపోతే ఒక ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ అడ్డగీతను ఖాళీగా వదిలేస్తుంది, తనిఖీ చేసేవారు కూడా ఖాళీగానే వదిలేస్తారు. రెండూ సరిపోయాయి కనుక తేడా ఏదీ బయటపడదు, కాని పిల్లలు లేని ఇళ్లన్నీ జవాబు ఇవ్వని ఇళ్లుగా లెక్కలోకి వెళ్లిపోతాయి. పోల్చి చూడడం వల్ల బయటపడేది ఇద్దరి మధ్య తేడా మాత్రమే. ఇద్దరూ కలిసి చేసిన తప్పు దానికి అందదు. అందువల్ల నియమాలు రాసేటప్పుడు ఫారాలు నింపినవారిలో ఒకరినైనా అడగడం అవసరం. అడ్డగీత పెట్టినప్పుడు తమ మనసులో ఏముందో వారే చెప్పగలరు.

నాలుగవ మెట్టు: తేడాలను గుంపు వారీగా, అంశం వారీగా పేర్చడం

టైపు చేసిన విలువలను సాఫ్ట్‌వేర్ విలువలతో పోల్చి, నిలువు వరుసల్లో అంశాలు, అడ్డ వరుసల్లో గుంపులు ఉండేలా ఒక పట్టిక గీయాలి. ప్రతి గడిలోనూ 15కు ఎన్ని తేడాలు వచ్చాయో రాయాలి. తేడా వచ్చిన ప్రతిచోటా తిరిగి ఫోటో చూసి, టైపు చేసినవారు పొరపడ్డారేమో ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే మూడు గంటల పనిలో వారి చేతి నుంచి కూడా ఒకటో రెండో జారతాయి.

మన ఉదాహరణలో అలా వడకట్టగా మిగిలిన తేడాలు 11. వాటిలో నాలుగు వేర్వేరు గుంపుల్లో, వేర్వేరు అంశాల్లో చెదిరి ఉన్నాయి. మిగిలిన ఏడూ మీటరు రీడింగులోనే ఉన్నాయి. ఆ ఏడింటిలో ఒకటి పాత ముద్రణ, రెండో ఫోన్ గుంపుది. ఆరు మాత్రం కొత్త ముద్రణ, నాలుగో ఫోన్ గుంపువే. ఒకే గడిలో 15కు ఆరు ఉండి, చుట్టూ దాదాపు అన్నీ సున్నాలే ఉంటే అది చెదురుమదురు తప్పు కాదు.

ఇక్కడ మొత్తం శాతాన్ని లెక్కవేసే తొందర ఒకటి కలుగుతుంది, అందులో ఒక పొరపాటు పొంచి ఉంటుంది. 90కి 7 అంటే దాదాపు 100కు 8 అనిపిస్తుంది. కాని నాలుగో ఫోన్ గుంపు నుంచి మనం తీసిన 15, ఆ గుంపు అసలు వాటాకు మించినవి. కనుక గుంపు పరిమాణంతో తూచాలి: 300లో 15కు ఆరు చొప్పున 120, పాత ముద్రణ రెండో ఫోన్ 800లో 15కు ఒకటి చొప్పున దాదాపు 53, రెండూ కలిపి 173. మొత్తం 4,800కు అది 100కు మూడున్నర పైచిలుకు మాత్రమే. ఒక్క తేడా మీద ఆధారపడిన ఆ 53 మరీ వదులు అంచనా అని కూడా గుర్తుంచుకోవాలి.

ఐదవ మెట్టు: తప్పుల ముఖం చూడడం

ఆ ఆరు ఫోటోలనూ పక్కపక్కన తెరిచి, అసలు విలువ, చదివిన విలువ జతలుగా రాయాలి. మొదటి జత 342, 11342. రెండవది 7615, 17615. మూడవది 908, 11908. ఇక మిగిలిన మూడూ ఇదే వరస. చదివిన విలువ ప్రతిసారీ పెద్దదే, కలిసిన అంకె ప్రతిసారీ ఒకటే, అది ప్రతిసారీ ఎడమ పక్కనే చేరింది. 342 రాసిన ఫారంలో ఎడమ పక్క రెండు గడులు ఖాళీగా ఉన్నాయి, అక్కడ రెండు ఒకట్లు చేరాయి. 7615 రాసినచోట ఒక గడి ఖాళీ, ఒక ఒకటి చేరింది. అంటే ఖాళీ గడి అంచున ఉన్న నిలువు గీతను సాఫ్ట్‌వేర్ 1 అని చదువుతోంది. అదే గుంపులో సరిగ్గా వచ్చిన తొమ్మిది ఫారాలనూ చూస్తే, తొమ్మిదింటిలోనూ ఐదు గడులూ నిండి ఉన్నాయి. ఊహను నిలబెట్టేది ఈ చివరి పరిశీలనే. తప్పు పడ్డవాటిని చూడడంతో ఆగిపోకుండా, పడనివి ఎందుకు పడలేదో కూడా ఆ ఊహ చెప్పగలుగుతోందా అని చూడాలి.

సాఫ్ట్‌వేర్ తాను చదివిన ప్రతి అంకెకూ ఇచ్చే నమ్మకపు స్కోరును చూసి ఈ తప్పును పట్టుకోవచ్చు కదా అని అనుకోవచ్చు. ఇక్కడ అది పనికిరాదు. నిటారుగా, నల్లగా, శుభ్రంగా ఉన్న గీత 1 అనడానికి చక్కని రూపం. దానికి స్కోరు చేతిరాత ఒకటి కంటే ఎక్కువే రావచ్చు. స్కోరు తక్కువ వచ్చినవాటిని మాత్రమే తనిఖీ చేసే పద్ధతి చెదురుమదురు తప్పులను బాగా పడుతుంది గాని, ఇటువంటి ధీమా గల తప్పును పక్కనే ఉంచుకుని దాటిపోతుంది.

ఆరవ మెట్టు: ఫోటో తెరవకుండా మొత్తం బ్యాచ్‌ను అడగడం

ఊహ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాన్ని 4,800 విలువల మీద ఒకేసారి పరీక్షించవచ్చు. ఖాళీ గడులన్నీ ఒకట్లుగా మారుతుంటే, ఆ గుంపులో మూడు, నాలుగు అంకెల రీడింగులు మాయమైపోయి ఉండాలి. విలువల పొడవును గుంపు వారీగా లెక్కించడం రెండు వరుసల పని.

```python
df["len"] = df["meter"].str.len()
print(pd.crosstab([df["form_ver"], df["phone"]], df["len"]))
```

మన ఉదాహరణలో మిగతా ఐదు గుంపుల్లో ఐదు అంకెల రీడింగులు 100కు 60 దగ్గరగా ఉన్నాయి. నాలుగో ఫోన్ గుంపులో అవి 100కు 97. ఇళ్లు ఒకే రకమైనవి అయినప్పుడు ఒక్క ఫోన్‌కు మాత్రమే అన్నీ పెద్ద మీటర్లు ఎదురయ్యే అవకాశం లేదు.

ఇటువంటి లెక్కింపును ప్రతి అంశానికీ ఒకసారి చేసి చూడడం మంచిది. తేదీలో రోజు 12ను ఎక్కడా దాటకపోతే రోజు, నెల తారుమారయ్యాయని అర్థం. ఒక గుంపులో చివరి అంకెగా 7 దాదాపు కనబడకుండా 1 మాత్రం రెట్టింపు కనబడితే ఎవరో ఒకరి ఏడు ఒకటిగా పడుతోందని అర్థం. పిల్లల సంఖ్య మనుషుల సంఖ్యను దాటితే ఫారంలో వరుసల క్రమం మారి ఉండవచ్చు. అయితే ఈ లెక్కలు అనుమానాన్ని మాత్రమే ఇస్తాయి. రుజువు ఫోటోలోనే ఉంటుంది.

ఏడవ మెట్టు: కారణాన్ని రుజువు చేసుకుని, ఒక్క మార్పు చేయడం

గీత 1గా ఎందుకు పడుతోందో తెలిసింది గాని, ఆ ఒక్క గుంపులోనే ఎందుకు పడుతోందో ఇంకా తెలియలేదు. పాత ముద్రణలో గడుల గీతలు లేత రంగువి, ఫోటోను నలుపు తెలుపుగా మార్చినప్పుడు అవి వాటంతట అవే చెరిగిపోతాయి. కొత్త ముద్రణలో గీతలు నల్లవి. వాటిని తీసివేయడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక దశ ఉంది. పొడవుగా, నిటారుగా ఉన్న గీతలను గుర్తించి ఆ దశ చెరిపేస్తుంది. రెండో ఫోన్, మూడో ఫోన్ వాడినవారు కాగితానికి నేరుగా పైనుంచి ఫోటో తీశారు. నాలుగో ఫోన్ వాడినవారు పక్కనుంచి, ఏటవాలుగా తీశారు. ఆ ఫోటోల్లో గీతలు వాలిపోయి ఉంటాయి కనుక చెరిపే దశ వాటిని గుర్తించలేదు.

ఇది నిజమో కాదో తేల్చడానికి ఆ గుంపు నుంచి ఖాళీ గడులున్న 10 ఫోటోలను తీసి, కాగితం నాలుగు మూలలను గుర్తించి ఏటవాలును సరిచేసి, మరేమీ మార్చకుండా మళ్లీ చదివించాలి. పదింటిలోనూ అదనపు ఒకట్లు పోతే కారణం దొరికినట్లే. గీతలు చెరిపే దశను కఠినం చేయడం, నలుపు తెలుపు స్థాయిని మార్చడం కూడా ఇదే సమయంలో చేస్తే, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. కావాలని ఏరి తీసిన ఈ పది ఫోటోలను మునుపటి 90తో కలిపి శాతం లెక్కవేయకూడదు. అవి లాటరీలో వచ్చినవి కావు.

ఎనిమిదవ మెట్టు: దిద్దుబాటు తెచ్చిన తప్పును వెతకడం

ఎక్కువ మంది ఇక్కడే పని ముగించేస్తారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కూడా ఈ చోటే. గీతలు ఇప్పుడు నిటారుగా అయ్యాయి కనుక చెరిగిపోతాయి, కాని గడి అంచుకు ఆనించి రాసిన నిజమైన 1 కూడా నిటారు గీతే. అది కూడా చెరిగిపోతే 12480 అన్నది 2480 అవుతుంది. ముందు ఉన్న తప్పు రీడింగులను పెంచింది, ఇప్పుడు వచ్చే తప్పు తగ్గిస్తుంది. మొదట తీసిన 15 ఫోటోలనే మళ్లీ చూస్తే ఇది బయటపడకపోవచ్చు, ఎందుకంటే వాటిలో అంచుకు ఆనిన ఒకటి లేకపోయి ఉండవచ్చు.

కాబట్టి 300 ఫోటోలనూ మళ్లీ చదివించి, పాత విలువ, కొత్త విలువ వేరుగా ఉన్నవాటిని వేరుచేయాలి. మన ఉదాహరణలో అవి 128. వాటి నుంచి లాటరీ పద్ధతిలో 40 తీసి ఫోటోతో సరిచూడగా 37 సరిపడ్డాయి, మూడింటిలో నిజమైన ఒకటి చెరిగిపోయింది. ఆ మూడూ కనబడ్డాక ఇక నమూనా లెక్కలు అనవసరం. 128 అంటే చిన్న సంఖ్య. మీటరు రీడింగు భాగాన్ని మాత్రమే కత్తిరించి వరుసగా చూస్తే అన్నీ అరగంటలో అయిపోతాయి. నమూనా తీయడం మొత్తం చూడలేనప్పుడు వాడే సాధనం, మొత్తం చూడగలిగినచోట మొత్తం చూడడమే సరైనది. మారని 172 నుంచి కూడా కొత్తగా 15 తీసి చూడాలి. దిద్దుబాటును మిగతా ఐదు గుంపులకూ వర్తింపజేసేటట్లయితే అక్కడ కూడా మారిన విలువలను ఇదే విధంగా వేరుచేసి చూడాలి.

తప్పులేవీ దొరకనప్పుడు ఏమి చెప్పవచ్చు

ఒక అంశంలో, గుంపు పరిమాణాలను పట్టించుకోకుండా లాటరీ పద్ధతిలో తీసిన నమూనాలో ఒక్క తేడా కూడా రాకపోతే, అసలు తప్పు సున్నా అని కాదు. 3ను నమూనా సంఖ్యతో భాగిస్తే వచ్చేది, దాదాపు 95 శాతం నమ్మకంతో చెప్పగల పై హద్దు. 60 చూసి ఏమీ దొరకకపోతే తప్పు 100కు 5 వరకు ఉండవచ్చు, 150 చూస్తే 100కు 2 వరకు, 300 చూస్తే 100కు 1 వరకు. బ్యాచ్ 4,800 అయినా 48,000 అయినా ఈ హద్దులు ఇంచుమించు ఇవే, కనుక "పది శాతం తనిఖీ చేశాం" అన్న మాట విడిగా ఏమీ చెప్పదు. గుంపుకు 15 చొప్పున చూసి ఏమీ దొరకకపోతే ఒక్కో గుంపుకు హద్దు 100కు 20 దగ్గరే ఆగుతుంది. ఒకే తీరు తప్పును పట్టడానికి అది చాలు, తుది నాణ్యతను ప్రకటించడానికి చాలదు. ప్రకటన కావాలంటే దిద్దుబాట్లన్నీ అయ్యాక, మొత్తం బ్యాచ్ నుంచి విడిగా 300 తీసి చూడాలి.

ఇక సమయం గురించి. పై తనిఖీ అంతా 4,800 ఫోటోలూ చేరాక చేసినట్లు చెప్పాను గాని, ఆచరణలో అంతవరకు ఆగకూడదు. మొదటి 200 ఫోటోలు రాగానే ఒక విడత చేయాలి. ఆ తరువాత కొత్త ఫోన్ గాని, కొత్త మనిషి గాని, కొత్త ముద్రణ గాని వచ్చిన ప్రతిసారీ, వాటి మొదటి 15 ఫోటోలను మిగతావాటికంటే ముందు చూడాలి. నాలుగో ఫోన్ నుంచి వచ్చిన మొదటి 15ను ఆ రోజే చూసి ఉంటే, కాగితానికి నేరుగా పైనుంచి ఫోటో తీయమని ఆ మనిషికి ఒక్క మాట చెప్పడంతో మిగిలిన 285 ఫోటోలు సరిగా వచ్చేవి, ఏటవాలును సరిచేసి మళ్లీ చదివించవలసిన పని కూడా ఉండేది కాదు.